సోలార్ ప్లేట్లు పెట్టేముందు పన్నెండు నెలల బిల్లులు ముంగట పెట్టుకోండ్రి

శివరాత్రి దాటిందంటె చాలు, మన ఊర్లెకు రెండు రకాల ఆటోలు వస్తయి. ఒకటి పుచ్చకాయలది, ఇంకొకటి సోలార్ ప్లేట్లది. పుచ్చకాయనైతె కోసి చూపించమంటం, ఎర్రగుంటెనె తీసుకుంటం. సోలారుకు ఆ సౌలతు లేదు. మైకుల చెప్పింది విని, వాట్సప్‌ల వచ్చిన ఫోటో చూసి, లక్షన్నర రెండు లక్షలు పెడుతున్నరు. "ఇగ జిందగీల కరెంటు బిల్లు కట్టే పని లేదు" అనేది వాళ్ల మాట. అది పూరా అబద్ధం కాదు, పూరా నిజం గూడ కాదు. ఏ ఇంటికి నిజమో, ఏ ఇంటికి కాదో తేల్చేది మీ ఇంట్ల మూలకు పడున్న కరెంటు బిల్లులే.

పోయిన ఎండకాలం మా బావ నాకు ఫోన్ చేసిండు. మండల కేంద్రంల ఉంటడు, ప్రైవేటు బడిల సారు. అక్క ఇంటికాడ్నే కుట్టుమిషన్ నడుపుతది. "మూడు కిలోవాట్లు పెట్టుమంటున్నరు, నెలకు మూడువేలు మిగుల్తయంట, నువ్వేమంటవ్" అని అడిగిండు. "బావా, ముందుగాల సాలు మొత్తం బిల్లులు తీసుకొని కూసో" అన్న. ఆ దినం మేమిద్దరం కాగితం మీద చేసిన లెక్కనే ఇక్కడ చెప్తున్న. మీ బిల్లులు పక్కన పెట్టుకొని చదివితె ఎక్కువ పనికొస్తది.

దానికంటె ముందు, రేషన్ కార్డుండి జీరో బిల్లు వస్తున్న ఇండ్ల ముచ్చట. 2024 మార్చి కాడ్నించి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాక సర్కారే కడుతున్నది. మన ఊర్లల్ల చానా ఇండ్లు నెలకు 80 నుంచి 150 యూనిట్ల లోపట్నె కాలుస్తయి. అసొంటి ఇంటి మీద ప్లేట్లు పెడితె మిగిలేది ఎంత? సున్న. కట్టని బిల్లు ఇంకా తగ్గదు గద. "రేపు సర్కారు మారితె ఫ్రీ కరెంటు ఎత్తేస్తరు, అప్పుడేం చేస్తవ్" అని ఏజెంటు బెదిరిస్తడు. ఎత్తేసిన నాడు చూద్దాం తమ్మీ. అప్పటిదాక ఆ పైసలు నీ దగ్గర్నే ఉంటె ఏం పోతది?

అయితె ఈ ఇండ్లకు గూడ ఎండకాలం ఒక గండం ఉన్నది. కూలరు, మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్జు రాత్రింబగళ్లు నడిచి ఏప్రిల్, మే నెలల్ల మీటరు 200 దాటుతది. 200 కాడ బిల్లు సున్న, 201 కాడ మొత్తం బిల్లు మీదనే పడతది. 215 యూనిట్లు కాలిందనుకోండ్రి, కరెంటు ఖర్చే 1,135 రూపాయలు అయితది. పదిహేను యూనిట్ల కోసం పదకొండు వందలు. దీన్ని చూపించే సోలార్ అమ్ముతున్నరు. కని ఆ పదిహేను యూనిట్లు తగ్గించనీకి డెబ్బై అయిదు వేల ప్లేట్లు అవసరం లేదు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు గుంజుతది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లల్ల అదే గాలి ఇస్తది. దినాం పన్నెండు గంటలు తిరిగే ఒక్క ఫ్యాన్ మారిస్తె నెలకు 16 యూనిట్లు తగ్గుతది. దాని ధర మూడు వేల లోపు. రెండు ఫ్యాన్లు మారిస్తె 32 యూనిట్లు. జీరో బిల్లు ఇంటోళ్లకు ఈ ఎండకాలం నేను చెప్పే సోలార్ ఇదే.

ఇగ బిల్లు కట్టే ఇండ్లకు వద్దాం. మా బావకు రేషన్ కార్డు లేదు, ఇంట్ల ఒక ఏసీ, ఫ్రిజ్జు, వాషింగ్ మిషన్, అర హెచ్‌పీ మోటరు ఉన్నయి. ఆయన మీటరు సలికాలం నెలకు 170, 180 యూనిట్ల కాడ నడుస్తది. మార్చిల 270కి లేస్తది, ఏప్రిల్ల 360, మేల 390, జూన్ల 310. వానకాలం 220 నుంచి 240 మధ్యల ఉంటది. సాలు మొత్తం కలిపితె 2,960 యూనిట్లు.

ఇక్కడ స్లాబుల సంగతి తెల్వకపోతె ముంగట లెక్క అర్థం కాదు, జెర ఓపిక పట్టుండ్రి. తెలంగాణల ఇండ్ల కరెంటు రేట్లు 2022 ఏప్రిల్ల పెరిగినయి, నేను లెక్క చేసింది ఆ రేట్ల మీదనే. నెలకు 100 లోపు కాలిస్తె మొదటి 50కి యూనిటు 1.95, తర్వాత 50కి 3.10. వంద దాటి 200 లోపు ఉంటె మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండు వందలు దాటినమా, కథ మారుతది. మొదటి యూనిట్ కాడ్నించే 5.10 వడ్డిస్తడు, 200 పైన 7.70, 300 పైన 9 రూపాయలు. అందుకే 200 యూనిట్ల ఇంటికి 820 రూపాయలైతె, 201 యూనిట్ల ఇంటికి 1,027 అయితది. ఒక్క యూనిట్‌కు రెండువందల చిల్లర ఫరక్. 390 కాలిన మే నెలల మా బావకు 2,600 అయింది.

సాలు మొత్తానికి ఆయన కట్టింది 16,200 రూపాయలు. ఫిక్సుడు చార్జి, కస్టమర్ చార్జి, కరెంటు సుంకం ఇందుల కలపలేదు. నెలకు సరాసరి 1,350 పడ్డది. మరి నెలకు మూడు వేలు మిగుల్తయని ఏజెంటు ఎట్ల చెప్పిండు? మే నెల బిల్లు ఒక్కటి అడిగి తీసుకున్నడు. దాన్ని పన్నెండుతోని గుణించి, దాని మీద ఇంకింత కలిపిండు. ఎండకాలం ముంగట సోలారోళ్లు ఎందుకు తిరుగుతరో మీకు ఇప్పుడు సమజై ఉంటది. మన కండ్లకు మే బిల్లే కనవడుతది, డిసెంబరు బిల్లు యాదికుండదు.

ఇగ ప్లేట్లు ఎంత ఇస్తయి? ఏజెంటు కాగితంల "కిలోవాటుకు దినాం 5 యూనిట్లు" అని ఉంటది. మబ్బు లేని ఫిబ్రవరి, మార్చి దినాలల్ల అంత దగ్గర దాక రావొచ్చు. సాలు మొత్తం సరాసరి తీస్తె, దుమ్ము, మబ్బు, వైర్ల నష్టం అన్నీ పోను మన దగ్గర కిలోవాటుకు 3.7 యూనిట్లు పట్టుకుంటె మోసపోం. సాలుకు 1,350 యూనిట్లు. జులై, ఆగస్టుల నెలకు 90కి పడిపోతది, మార్చిల 135 దాక వస్తది.

మీరనుకోవచ్చు, మే నెలల ఎండ దంచుతది గద, అప్పుడు ఎక్కువ రావాలె గద అని. మా బావ గూడ అదే అన్నడు. ప్లేటుకు కావల్సింది వెలుగు, ఎండ వేడి కాదు. వేడి దానికి శత్రువు. ప్లేటు మీద రాసే వాట్లు 25 డిగ్రీల కాడ కొలిచినయి. బైట 43 డిగ్రీలున్న దినం డాబా మీద ప్లేటు 65 డిగ్రీల దాక కాగుతది. ఒక్కో డిగ్రీకి దగ్గర దగ్గర 0.35 శాతం పడిపోతది. నలభై డిగ్రీలకు 14 శాతం అయితది. అందుకే వడగాల్పుల మేల కంటె మార్చిలనే ఎక్కువ కరెంటు వస్తది. ప్లేట్లను డాబాకు అంటుకోకుంట జానెడు రెండు జానలు లేపి, కిందికెళ్లి గాలి ఆడేటట్టు పెట్టుమనేది గిందుకే.

పొద్దుగాల ప్లేట్లు చేసిన కరెంటు ఇంట్ల కాలంగ మిగిలింది లైన్‌లకు పోతది, రాత్రి ఏసీకి లైన్‌ల నుంచి వస్తది. నెట్ మీటరు పోయింది ఎంత, వచ్చింది ఎంత రెండూ రాసుకుంటది. పొద్దున పాలకేంద్రంల నాలుగు లీటర్లు పోసి, రాత్రి మూడు లీటర్లు తెచ్చుకుంటె లీటరుకు లీటరు కొట్టేసినట్టన్నమాట. బిల్లు ఆ ఫరక్ మీదనే వస్తది. స్లాబు గూడ ఆ ఫరక్ మీదనే పడతది. అసలు లాభం ఇక్కడ్నే ఉన్నది.

మేం నెలనెలా రాసి చూసినం. ఒక్క కిలోవాటు పెడితె మా బావ ఏప్రిల్ మీటరు 360 నుంచి 230కి దిగుతది, జులై 240 నుంచి 150కి దిగుతది. 150కి దిగిందంటె యూనిట్లు తగ్గుడే కాదు, 5.10 స్లాబుల నుంచి 3.40 స్లాబులకు వచ్చినట్టు. సాలుకు 16,200 కట్టేది 6,800కి వచ్చింది. మిగిలింది 9,400. అంటె ఒక్కో సోలార్ యూనిట్ ఆయనకు ఏడు రూపాయల విలువ చేసింది. 

రెండో కిలోవాటు కలిపితె సాలు బిల్లు 1,270కి దిగింది. మిగిలింది దాదాపు 14,950. అంటె రెండోది అదనంగ తెచ్చింది 5,550 మాత్రమే. సలికాలంల ఇంటికి సరిపోంగ 210 యూనిట్లు మిగిలినయి, వాటిని మేం లెక్కల పట్టుకోలె.

మూడో కిలోవాటు కాడ చూడండ్రి. కోసుకోనీకి 1,270 రూపాయల బిల్లే మిగిలింది. మిగతాది అంత మిగులు కరెంటు, ఇంకో 880 యూనిట్లు లైన్‌లకు పోతయి. ఆ మిగులుకు డిస్కం ఇచ్చే రేటు మనం కొనే పై స్లాబుల కంటె తక్కువ. యూనిట్‌కు 3 రూపాయలు అని పట్టుకున్నం, 2,640 వచ్చింది. మొత్తం కలిపితె మూడోది తెచ్చింది 3,900. ఒక్క తీరు ప్లేట్లే, ఒక్క తీరు ఎండనే. కని మొదటి కిలోవాటు 9,400 తెస్తె, మూడోది అందుల సగం గూడ తేలేదు. మొదటిది తొమ్మిది రూపాయల, ఏడు రూపాయల యూనిట్లను కొట్టేస్తది. చివరిది చవుక యూనిట్లను కొట్టేస్తది. కని ఏజెంటు అందరికీ మూడే అంటడు, ఎందుకంటె సబ్సిడీ ఎక్కువల ఎక్కువ వచ్చేది ఆడనే.

సబ్సిడీ ముచ్చట గూడ సాఫ్‌గ చెప్పుకుందాం. 2024 ఫిబ్రవరిల వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు. మూడు దాటితె పైసా పెరగదు. మా బావకు వచ్చిన కొటేషన్లల్ల నడిమిది తీసుకుంటె ఒక కిలోవాటు 75 వేలు, రెండు 1 లక్షా 40 వేలు, మూడు 1 లక్షా 95 వేలు. సబ్సిడీ పోను 45 వేలు, 80 వేలు, 1 లక్షా 17 వేలు. మీ దిక్కు ధరలు అటిటు ఉండొచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే.

రెండు కిలోవాట్లకు 80 వేలు పెట్టి సాలుకు 14,950 మిగిలితె అయిదున్నరేండ్లల్ల అసలు వాపస్ వచ్చినట్టు కనవడుతది. కని ఇన్వర్టరు ప్లేట్లంత కాలం ఉండదు. ప్లేటుకు ఇరువై అయిదేండ్ల వారంటీ అంటరు, ఇన్వర్టరు పదేండ్ల కాడ మార్చుకోవాల్సి వస్తదని పెట్టుకోండ్రి. దానికోసం సాలుకు రెండు వేలు పక్కకు తీయాలె. ప్లేట్లు గూడ ఏటేటా అర శాతం, ఇంకింత బలం తగ్గుతయి. ఇవన్నీ పోను సాలుకు 13 వేలు చేతికి అందుతది. ఆరేండ్లకు పైన పడతది. ఆ తర్వాతి ఏండ్లన్నీ లాభమే. చెడ్డ బేరం కాదు, మంచి బేరమే. కని "రెండేండ్లల్ల పైసలు వాపస్" అన్నోన్ని నమ్మకుండ్రి.

ఈ ఆరేండ్ల లెక్క ఇంట్ల పైసలున్నోళ్లకు. అప్పు తెచ్చెటోళ్లకు వేరే. ఈ పథకం కింద మూడు కిలోవాట్ల దాక పూచీకత్తు లేకుంట బ్యాంకు లోన్ ఇస్తది. 80 వేలు, 7 శాతం మిత్తి, ఏడేండ్లు పెట్టుకుంటె నెలకు 1,207 కిస్తి. సాలుకు 14,500. మిగిలే పైసలు, కట్టే కిస్తి దాదాపు బరాబర్. ఏడేండ్లు జేబుల ఫరక్ ఏం కనవడదు, ఎనిమిదో ఏడు కాడ్నించి కనవడతది. అదీ పర్వలేదు. కని ఊర్లె రెండు రూపాయల మిత్తికి తెస్తె, 80 వేలకు మిత్తే సాలుకు 19,200. ప్లేట్లు మిగిల్చేది 14,950. అసలు ఎన్నటికీ తీరదు, అప్పు మీది ఎండకు నడుస్తనే ఉంటది. ఇంకో కిటుకు ఉన్నది. సబ్సిడీ ముందుగాల రాదు. పని అయి, నెట్ మీటరు పెట్టి, కరెంటోళ్లు పాస్ చేసినంక మీ ఖాతల పడతది. అప్పటిదాక ఆ 60 వేలు గూడ మీరే సర్దాలె. "సబ్సిడీ మేం చూసుకుంటం, మీరు తక్కువ కట్టండ్రి" అనేటోడు మీ పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు అడుగుతడేమో చూడండ్రి. అడిగిండంటె ఆడికెళ్లి లేచి రండ్రి.

ఎండకాలం ముంగట అన్నిటికంటె ఎక్కువ మంది మోసపోయేది పైసల కాడ కాదు, కరెంటు పోయిన కాడ. మా ఊర్లె ఒకాయన ప్లేట్లు పెట్టిండు. మేల గాలిదుమారం వచ్చి లైను తెగింది, మిట్ట మధ్యాహ్నం, నెత్తి మీద ఎండ, డాబా మీద ప్లేట్లు, ఇంట్ల ఫ్యాన్ తిరుగుతలేదు. ప్లేట్లు ఖరాబైనయని ఏజెంటుతోని లొల్లి పెట్టుకున్నడు. ఖరాబు కాలె. సబ్సిడీల వచ్చే మామూలు సోలారు లైన్‌తోని జోడు కట్టి నడుస్తది. లైన్‌ల కరెంటు పోంగనే ఇన్వర్టరు తనంతట తనే బంద్ అయితది. అట్ల బంద్ కాకుంటె, స్తంభం మీద తీగ అతికించే లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు కొట్టి పానం పోతది. అందుకే అది తప్పదు. కరెంటు పోయినప్పుడు గూడ నడవాలంటె బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టాలె, ఖర్చు మస్తు పెరుగుతది, కొన్నేండ్లకు బ్యాటరీ మార్చాలె. బిల్లు తగ్గుడు ఒక పని, కోతలల్ల ఫ్యాన్ తిరుగుడు ఇంకో పని. రెండో పనికి మామూలు ఇంటి ఇన్వర్టరు, ఒక బ్యాటరీ చాలు. ఏది కావాల్నో ముందే తేల్చుకోండ్రి.

డాబా చూసుడు గూడ మీరే చేయొచ్చు, ఇంజినీరు అక్కర్లేదు. ఒక కిలోవాటుకు దాదాపు వంద చదరపు అడుగులు కావాలె, దక్షిణం దిక్కు తెరిపి ఉండాలె. పొద్దుగాల తొమ్మిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, మూడింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడ పడతదో సాక్‌పీసుతోని గీత గీయండ్రి. డిసెంబరుల నీడ ఇంకా పొడుగు ఉంటదని యాది పెట్టుకోండ్రి. ప్లేట్లన్నీ ఒక వరుసల తీగతోని జోడిస్తరు, అందుకే ఒక ప్లేటు మీద యాపచెట్టు కొమ్మ నీడ పడ్డా, నీళ్ల ట్యాంకు నీడ పడ్డా, ఆ వరుస మొత్తం ఉత్పత్తికి దెబ్బ తగుల్తది. ట్యాంకు దక్షిణం దిక్కే ఉంటె దాన్ని జరపాలె, లేదంటె ప్లేట్లను జరపాలె. స్లాబుకు డ్రిల్లు కొట్టి బోల్టులు దింపుతమంటె ఒప్పుకోకుండ్రి, రెండు వానలకు ఇంట్ల కారుతది. సిమెంటు దిమ్మెలు పోసి వాటికి బిగించుమనండ్రి, గాలికి లేవకుంట దిమ్మెలు బరువుండాలె.

కోతుల సంగతి ఏ పాంప్లెట్ల రాయరు. ప్లేట్ల మీద ఎక్కి దుంకుతయి, ఎలాడే వైర్లను గుంజుతయి. వైర్లన్నీ పైపులల్ల పోయాలె, ప్లేట్ల కింద ఎలాడకుంట కట్టాలె. దుమ్ము కడుగుడు రెండు వారాలకొక్కసారి, పొద్దు పొడవకముందే. కాగిన ప్లేటు మీద సల్ల నీళ్లు పోస్తె అద్దం పగులొచ్చు. బోరు నీళ్లు ఉప్పగుంటె తెల్ల మరకలు పడతయి, మెత్తటి బట్టతోని తుడిచెయ్యండ్రి.

పెట్టినంక సరిగ్గ పనిచేస్తున్నదా అని ఎట్ల తెల్సుకోవాలె? ఇన్వర్టరు మీద, లేకుంటె దాని ఫోన్ యాప్‌ల దినాం ఎన్ని యూనిట్లు వచ్చినయో కనవడుతది. మబ్బు లేని మార్చి దినం రెండు కిలోవాట్లకు ఎనిమిది యూనిట్లకు అటిటు రావాలె. వారం పొడుగూత అయిదే వస్తున్నదంటె దుమ్మో, నీడో, తీగ జోడు దగ్గర లోపమో ఉన్నట్టు. పెట్టినోళ్లు అయిదేండ్లు మరమ్మతు చూడాలనే షరతు పథకంలనే ఉన్నది, దాన్ని అగ్రిమెంటుల రాయించుకోండ్రి.

సోలార్ వాటర్ హీటర్ల గురించి గూడ అడుగుతున్నరు. ఎండకాలం ముంగట డిస్కౌంటు అని అమ్ముతున్నరు గని, మన దగ్గర మేల వేడి నీళ్లు ఎవలికి కావాలె? ట్యాంకుల నీళ్లే కాలుతుంటయి. ఒక బకెట్ నీళ్లు కాగబెట్టనీకి అర యూనిట్ పట్టుతది. నలుగురుండే ఇంట్ల సలికాలం నాలుగు నెలలు దినాం నాలుగు బకెట్లు అంటె 240 యూనిట్లు. ఆ కాలం మన మీటరు తక్కువ స్లాబులనే ఉంటది కాబట్టి అది వెయ్యి, పదకొండు వందల రూపాయల పని. దానికోసం ఇరువై వేల హీటరు పెడితె గిట్టుబాటు కానీకి పద్దెనిమిది, ఇరువై ఏండ్లు పడతది. పైంగ ఉప్పు నీళ్లకు గొట్టాలల్ల సున్నం పేరుకుంటది. హాస్టళ్లకు, సాలు పొడుగూత వేడి నీళ్లు వాడే దావఖాన్లకు పనికొస్తది. మన ఇండ్లకు కాదు.

మా బావ ఆఖరికి రెండు కిలోవాట్లే పెట్టించుకున్నడు. కని పనికి మూడు నెలలు పట్టింది, ప్లేట్ల వల్ల కాదు. మీటరు వాళ్ల నాయిన పేరు మీద ఉన్నది, ఆయన పోయి ఏడేండ్లయింది. ప్లేట్ల కోసం దరఖాస్తు పెట్టెటోని పేరు, బిల్లు మీద పేరు ఒక్కటే ఉండాలె. పేరు మార్పిడికి డెత్ సర్టిఫికెట్, ఇంటి పన్ను కాగితం పట్టుకొని సెక్షన్ ఆఫీసు సుట్టు తిరిగి తిరిగి మార్చి కాస్త జూన్ అయింది. ఆ ఎండకాలం మొత్తం బిల్లు కట్టనే కట్టిండు. మీది గూడ తాత పేరు మీదనో, నాయిన పేరు మీదనో ఉంటె ఏ ఏజెంటుకు అడ్వాన్సు ఇయ్యకముందే ఆ పని చేసుకోండ్రి. అది అయినంక బిల్లు మీదున్న సర్వీసు నెంబరుతోని pmsuryaghar.gov.in ల మీరే పేరు రాసుకోవచ్చు. దానికి రూపాయి ఖర్చు లేదు. "రిజిస్ట్రేషన్ ఫీజు" అని ఎవలన్న ఫోన్‌పే చేయమంటె వాడు సర్కారు మనిషి కాడు.

ఆ సైటుల రిజిస్టరైన వెండర్ల పేర్లు ఉంటయి, అందుల్నించి కనీసం ముగ్గురి కాడ కొటేషన్ తీసుకోండ్రి. ప్లేట్లు మన దేశంల తయారైన సెల్స్‌తోని చేసినయి, అంటె డీసీఆర్ రకం అయితెనే సబ్సిడీ వస్తది, ఆ మాట బిల్లుల రాయాలె. పైసలు మొత్తం ఒక్కసారి ఇయ్యకుండ్రి. సామాను దిగినంక కొంత, బిగించినంక కొంత, ఆఖరి భాగం నెట్ మీటరు పెట్టి లెక్క ఉల్టా తిరుగుడు మీ కండ్లతోని చూసినంక. మా బావ ఆఖరి ఇరువై వేలు ఆపుకున్నడు. నెట్ మీటరు కోసం ఆ ఏజెంటే ఆఫీసు సుట్టు తిరిగిండు.